“వాన ముప్పు” అని రాస్తే ఎవరికీ పని పుట్టదు: వడ్ల కొనుగోలు కేంద్రంలో రిస్క్ రిజిస్టర్ రాయడం

రాబోయే ముప్పులను, వాటికి చేయాల్సిన పనులను ముందుగానే రాసుకొనే పట్టికే రిస్క్ రిజిస్టర్. ఆ మాట ఇదివరకు పెద్ద కంపెనీల్లో, ప్రాజెక్టు ఆఫీసుల్లో ఎక్కువగా వినపడేది. ఇప్పుడు రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లోనూ, మహిళా సమాఖ్యల్లోనూ, వాటి లెక్కలు చూసే మా లాంటి వాళ్ల బల్లల మీదా ఆ కాగితం కనిపిస్తోంది. నల్లగొండ వైపు యాసంగి వడ్ల సీజన్‌కు ముందు ఇలాంటి రిజిస్టర్ తెరిస్తే సాధారణంగా ఉండేవి ఇవీ: “వాన ముప్పు”, “లారీల సమస్య”, “బస్తాల కొరత”, “మిల్లర్ల ఇబ్బంది”. ఎదురుగా యజమాని గడిలో “కమిటీ” అని, నివారణ గడిలో “తగు జాగ్రత్తలు తీసుకోవాలి” అని ఉంటుంది.

రాసినవాళ్లకు విషయం తెలియక అలా రాయరు. కల్లంలో ఏం జరుగుతుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ తెలివి కాగితం మీదికి రాకపోవడానికి కారణం, ఐదు గడుల్లో ఏ గడిలో ఏం రాయాలో ఎవరూ తేల్చి చెప్పకపోవడమే. ఒకే ఊహాత్మక కేంద్రాన్ని తీసుకొని, “వాన ముప్పు” అనే ఒక్క పద్దునే చివరిదాకా విప్పి చూద్దాం.

## ముందు ఐదు మాటలు

రిస్క్ అంటే ఇంకా జరగనిది, జరగొచ్చు లేదా జరగకపోవచ్చు అనిపించేది, జరిగితే మన లక్ష్యాన్ని దెబ్బతీసేది. ఐఎస్ఓ 31000 అనే అంతర్జాతీయ ప్రమాణం 2018 కూర్పులో కూడా రిస్క్‌ను లక్ష్యాల మీద అనిశ్చితి చూపే ప్రభావంగానే చెబుతుంది. కాబట్టి మొదట లక్ష్యం ఏమిటో తెలియాలి. మన కేంద్రం లక్ష్యం ఇలా అనుకుందాం: వచ్చిన వడ్లన్నీ నాణ్యత చెడకుండా కాంటా అయి, మిల్లులో దిగి, రైతు ఖాతాలో డబ్బు పడాలి.

కారణం అంటే ఈరోజు మన కళ్ల ముందున్న పరిస్థితి. ఘటన అంటే ఆ పరిస్థితి వల్ల రేపు జరగగలిగేది. ప్రభావం అంటే ఘటన జరిగితే లక్ష్యానికి తగిలే దెబ్బ. యజమాని అంటే ఆ పద్దుకు జవాబు చెప్పే మనిషి. నివారణ అంటే ఘటన జరగకుండానో, జరిగినా దెబ్బ తగ్గేలాగానో చేసే పని.

విడివిడిగా చదివితే ఇవన్నీ తేలికగానే ఉన్నాయి. చిక్కంతా ఒకదాన్ని ఇంకొకదాని నుంచి విడదీసే దగ్గరే వస్తుంది.

## వాన ఏ గడిలోకి వెళ్లాలి?

తిప్పర్తి వైపు ఒక ఊళ్లో గ్రామ సంఘం నడిపే కొనుగోలు కేంద్రం ఉందనుకోండి. నాలుగెకరాల రైతు కోసిన వడ్లు ఎకరాకు పాతిక క్వింటాళ్ల లెక్కన వంద క్వింటాళ్లు, అంటే 40 కిలోల బస్తాలు 250. అలాంటి రాశులు ఒకేసారి 40 దాకా కేంద్రంలో ఉంటాయి. రాశి పూర్తిగా కప్పడానికి రెండు టార్పాలిన్లు కావాలి. అంటే మొత్తం 80. చేతిలో ఉన్నవి 50. స్థలం ఉత్తరం వైపు పల్లంగా ఉంది.

ఇప్పుడు వాన కారణమా, ఘటనా?

కారణమేనని కొందరంటారు. వాన పడింది కాబట్టే వడ్లు తడిశాయి, అందులో అనుమానం ఏముంది అనేది వాళ్ల మాట. తడిసిన మర్నాడు నివేదిక రాసేటప్పుడు అది నిజమే. కానీ రిజిస్టర్ రాసేది తడవక ముందు. కారణం గడిలో రాసింది ఈరోజు వెళ్లి చూడగలిగేదై ఉండాలి. రేపటి వానను ఈరోజు చూడలేం. ముప్పై టార్పాలిన్లు తక్కువ ఉన్నాయన్నది మాత్రం లెక్కపెట్టి చూడొచ్చు.

వానే ఘటన అనేవాళ్లు మరికొందరు. వాళ్ల వాదనకు బలముంది. హైదరాబాద్ వాతావరణ కేంద్రం హెచ్చరికలు ఇస్తుంది కాబట్టి వాన ఎంతవరకు పడొచ్చో కొంత అంచనా దొరుకుతుంది, ఆ అవకాశానికి ఒక అంకె వేయడం సులువవుతుంది. ఇబ్బంది ఏమిటంటే వాన పడే అవకాశమూ, మన వడ్లు తడిసే అవకాశమూ ఒకటి కావు. ఎనభై టార్పాలిన్లూ ఉన్న కేంద్రంలోనూ, యాభై ఉన్న కేంద్రంలోనూ వాన ఒకేలా పడుతుంది. వానకే అంకె వేస్తే రెండు కేంద్రాల పద్దులూ ఒకేలా కనిపిస్తాయి. మనం ముప్పై టార్పాలిన్లు తెచ్చినా అంకె కదలదు.

అందుకే నా ఓటు మూడో దారికి. ఘటన “కప్పని రాశులు తడవడం”. వాన ఆ వాక్యంలోనే ఒక భాగంగా ఉంటుంది. జరగొచ్చు, జరగకపోవచ్చు, మన పనిని బట్టి అవకాశం తగ్గుతుంది: ఘటనకు కావలసిన లక్షణాలన్నీ దానికున్నాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మబ్బు పట్టడం నుంచి రైతు ఖాతాలో డబ్బు పడకపోవడం దాకా అదంతా ఒకే గొలుసు. అందులో ప్రతి లంకె ముందుదానికి ఫలితమే, తర్వాతి దానికి కారణమే. ఎక్కడ కోయాలనే దానికి లోకమంతటికీ పనికొచ్చే ఒకే జవాబు లేదు. ఈ రిజిస్టర్ ఎవరిదో వాళ్ల చెయ్యి ఎక్కడిదాకా అందుతుందో అక్కడ కోయాలి. గ్రామ సంఘానికి వాన చేతిలో లేదు, రాశి తడవడం చేతిలో ఉంది. అదే రిజిస్టర్ జిల్లా స్థాయిలో రాస్తే కోత ఇంకోచోట పడుతుంది. అక్కడ “కేంద్రాలకు టార్పాలిన్లు సమయానికి అందకపోవడం” ఘటన అవుతుంది.

## మూడు క్రియలతో ఒక వాక్యం

గడుల్లో విడివిడిగా రాసే ముందు ఒకే వాక్యంగా రాయడం మేలు. వాక్యానికి అచ్చు ఇది: “ఫలానా పరిస్థితి ఉన్నందున, ఫలానాది జరగవచ్చు; జరిగితే ఫలానా నష్టం కలుగుతుంది.” “ఉన్నందున” అన్నది ఇప్పటి వాస్తవానికి, “వచ్చు” అన్నది అనిశ్చితికి, “జరిగితే” అన్నది షరతుకు. మూడు క్రియలూ వాటి చోట ఇమడకపోతే ఏదో గడి తారుమారైందని అర్థం.

“వాన పడుతున్నందున” అని రాసి చూడండి. ఇప్పుడు వాన పడటం లేదు కదా అని వాక్యమే ఎదురు తిరుగుతుంది. “టార్పాలిన్లు తక్కువ ఉండవచ్చు” అని రాసినా అంతే. లెక్కపెడితే తేలిపోయే దానికి “వచ్చు” ఎందుకు? సంచులు నిన్ననే అయిపోయి కాంటా ఆగి ఉంటే దాన్ని “సంచులు అయిపోవచ్చు” అని రాయడం కుదరదు. అది రిస్క్ దశ దాటి సమస్యగా మారింది. దాని చోటు సమస్యల జాబితాలో, దాని మీద పని ఈరోజే మొదలుకావాలి.

మన పద్దు ఇప్పుడిలా ఉంటుంది:

“40 రాశులకు 80 టార్పాలిన్లు అవసరం కాగా 50 మాత్రమే ఉన్నందున, కాంటా కాకముందే వాన పడి కప్పని రాశులు పైనుంచి తడవవచ్చు, తడిస్తే 15 రాశుల వరకు, అంటే సుమారు 1,500 క్వింటాళ్ల వడ్లలో తేమ 17 శాతం దాటి కాంటా ఆగుతుంది.”

యాభై టార్పాలిన్లతో 25 రాశులు కప్పగలం కాబట్టి మిగిలినవి 15. ఆ అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు, కారణం గడి నుంచే వచ్చింది. కారణం గడిలో అంకె ఉంటే ప్రభావం గడిలో అంకె దానంతటదే తేలుతుందనడానికి ఇదొక మంచి ఉదాహరణ.

## పల్లం వేరే పద్దు ఎందుకైంది?

పల్లపు స్థలాన్ని కూడా ఇదే వాక్యంలో కలపొచ్చు కదా అనిపిస్తుంది. రెండూ వానవే, రెండింటిలోనూ తడిసేది వడ్లే. పద్దులు తక్కువుంటే చదివేవాళ్లకు హాయి అనే వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు. వంద పద్దుల రిజిస్టర్‌ను ఎవరూ రెండోసారి తెరవరు.

కానీ కల్లంలో ఈ రెండు తడుపులూ ఒకేలా ప్రవర్తించవు. పైనుంచి తడిసిన రాశి కంటికి కనిపిస్తుంది. ఎండ రాగానే నెరిపితే ఆరుతుంది. పల్లంలోని రాశిని పైన ఎంత చక్కగా కప్పినా నీళ్లు కిందినుంచి చేరతాయి. మర్నాడు పైనుంచి, నడుమ నుంచి గుప్పెడు తీసి తేమ మిషన్‌లో పోస్తే 16 చూపించొచ్చు. అడుగున చెయ్యి పెడితే గింజ మెత్తగా, వెచ్చగా తగులుతుంది. ఆ వేడిలో రెండు మూడు రోజులు అలాగే ఉంటే రంగు మారుతుంది, మొలక వస్తుంది.

నష్టం కూడా వేరు. ప్రభుత్వ కొనుగోలు నాణ్యతా ప్రమాణాల్లో తేమకు గరిష్ఠ పరిమితి 17 శాతం. పాడైన, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు తిన్న గింజలకు అన్నీ కలిపి పరిమితి 5 శాతం. తేమ దాటితే ఆరబెట్టి కిందికి తేవచ్చు. ఇరవై శాతం తేమ ఉన్న క్వింటాలు వడ్లను 17కి ఆరబెడితే పోయేది సుమారు మూడున్నర కిలోల నీరు, దానితో పాటు కొన్ని రోజుల సమయం. మొలకెత్తిన గింజను మాత్రం ఏ ఎండా వెనక్కి తేలేదు. “వడ్లు తడిసి నష్టం” అని రాస్తే ఈ తేడా మొత్తం మాయమైపోతుంది. ఒకటి ఆలస్యం, ఇంకొకటి సరుకే చెడిపోవడం.

కారణం వేరు, గుర్తుపట్టే తీరు వేరు, చేయాల్సిన పని వేరు. కాబట్టి రెండో పద్దు:

“స్థలం ఉత్తరం వైపు పల్లంగా ఉండి నీరు పోయే కాల్వ లేనందున, వాన నీరు రాశుల కిందికి చేరి అడుగు వడ్లు తడవవచ్చు, తడిస్తే ఆ వైపు రాశుల్లో మొలకెత్తిన, రంగు మారిన గింజలు 5 శాతం దాటి మిల్లులో సరుకు దిగకపోవడం లేదా తిరిగి రావడం జరుగుతుంది.”

విడదీయాలా వద్దా అని తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే: నివారణ పని ఒకటేనా? ఒకటే పని రెండు కారణాలకూ సరిపోతే కలిపే ఉంచొచ్చు. టార్పాలిన్ తెస్తే పల్లం పోదు, కాల్వ తీస్తే పైకప్పు రాదు. ఇక్కడ కలపడానికి వీల్లేదు.

## యజమాని గడిలో “కమిటీ” అని రాయొచ్చా?

దీని మీద నిజంగానే రెండు అభిప్రాయాలున్నాయి. ప్రమాణాల పరిభాషలో రిస్క్ యజమాని అంటే ఆ రిస్క్‌ను నిర్వహించే బాధ్యత, అధికారం ఉన్న వ్యక్తి లేదా సంస్థ. అంటే కమిటీ అని రాయడం పరిభాష ప్రకారం తప్పు కాదు. సమాఖ్యల్లో నిర్ణయాలు తీర్మానంతో జరుగుతాయి, డబ్బు ఖర్చు పెట్టే అధికారం ఒక్క మనిషికి ఉండదు. అలాంటప్పుడు ఒకరి పేరు రాసి రేపు నష్టం వస్తే ఆమె నెత్తిన వేయడం అన్యాయమనే భయం కూడా న్యాయమైనదే.

ఇటు వాదన ఏమిటంటే, రాత్రి పదకొండింటికి మబ్బు పట్టినప్పుడు కమిటీకి ఫోన్ చేయలేం. ఎవరో ఒకరు లేచి హమాలీలను పిలవాలి.

రెండు బాధ్యతలను విడదీస్తే ఈ తగువు చాలావరకు తీరుతుంది. యజమాని ఒకరు, పని చేసేవాళ్లు వేరేవాళ్లు కావచ్చు. టార్పాలిన్ల పద్దుకు యజమాని సెంటర్ ఇన్‌ఛార్జి. ఆమె బాధ్యత ఆ పద్దును కనిపెట్టుకొని ఉండటం, పని ఆగితే పైవాళ్లకు చెప్పడం. టార్పాలిన్లు తెప్పించడం ఆమె చేతిలో లేదు, మార్కెట్ కమిటీ నుంచి రావాలి. దానికి ఉత్తరం పెట్టి వెంటపడే పని మండల స్థాయిలో సమాఖ్యల పనులు చూసే ఏపీఎంకు. రాశులు కప్పే పని రైతుకు, హమాలీల మేస్త్రీకి. అన్నీ ఇన్‌ఛార్జి నెత్తిన వేస్తే, అధికారం లేని మనిషికి బాధ్యత అంటగట్టినట్టే. అలాంటి పద్దు సీజన్ అయ్యేదాకా ఇంచు కూడా కదలదు.

పేరు రాయాలా, హోదా రాయాలా? హోదా రాసి పక్కన పేరు రాయడం మంచిది. మనిషి మారినా పద్దు అనాథ కాదు.

## నివారణ: చేశామా లేదా అని అడిగితే జవాబు రావాలి

“పర్యవేక్షించాలి”, “అప్రమత్తంగా ఉండాలి”, “అధికారులతో సమన్వయం చేసుకోవాలి”. ఇవి నివారణ గడిలో కనిపిస్తే ఒక ప్రశ్న వేయండి: ఇది పూర్తయిందని ఏ రోజున, ఏం చూసి చెబుతాం? జవాబు రాకపోతే అది ఇంకా పనిగా మారలేదు.

మొదటి పద్దుకు నివారణ ఇలా రాయొచ్చు: “కోతలు మొదలయ్యే వారం ముందు ఏపీఎం మార్కెట్ కమిటీ నుంచి 30 టార్పాలిన్లు తెప్పిస్తారు, ఇన్‌ఛార్జి లెక్కపెట్టి స్టాక్ పుస్తకంలో రాస్తారు.” ఇది కారణం మీద పనిచేస్తుంది. ఇంకొకటి ఘటనను ఆపడానికి: “జిల్లాకు వాన హెచ్చరిక వచ్చిన రోజు సాయంత్రం ఆరు లోపు తేమ 17 శాతం లోపుకు వచ్చిన రాశులను ముందు కాంటా పెట్టి, మిగిలినవి కప్పి, అంచుల మీద రాళ్లు పెడతారు.” మూడోది తడిసిన తర్వాతి మాట: “తడిసిన రాశిని ఎండ రాగానే పలచగా నెరిపి, పైన, నడుమ, అడుగున మూడు చోట్ల తేమ చూసి మళ్లీ వరుసలో పెడతారు.”

మూడింటినీ కలిపేసి ఒకే పేరాగా రాస్తే మొదటి పని జరగలేదన్న సంగతి చివరి పని వెనక దాక్కుంటుంది. ఇప్పటికే ఉన్న ఏర్పాటుకు “ఉన్నాయి” అని, చేయబోయేదానికి “ఫలానా తేదీలోగా చేస్తారు” అని రాయడం కూడా ముఖ్యం. “టార్పాలిన్ల ఏర్పాటు” అని క్రియ లేకుండా వదిలేస్తే, చదివినవాళ్లు అయిపోయిందనుకుంటారు, రాసినవాళ్లు ఇంకా చేయాలనుకుంటారు. రిజిస్టర్ల తనిఖీలో నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టే వాక్యం ఇదే.

నివారణ ఒక్కోసారి కొత్త రిస్క్‌ను తెస్తుంది. పచ్చిగా ఉన్న రాశిని మబ్బు పోయేదాకా రోజుల తరబడి బిగించి కప్పితే లోపల ఆవిరి పట్టి గింజ వేడెక్కుతుంది. దాన్ని పాత పద్దు చివర తోకలా తగిలించకూడదు. “తేమ ఎక్కువున్న రాశులను కప్పి ఉంచుతున్నందున...” అని కొత్త వాక్యం మొదలుపెట్టాలి. ఎండ పడగానే టార్పాలిన్ తీసి గాలి తగలనివ్వడం దాని నివారణ.

## ఒకే వస్తువుకు ఒకే పేరు

వేరే రాతల్లో మాటలు మార్చి వాడటం అందం. రిజిస్టర్‌లో అది చేటు. మా దగ్గర నింపినదాన్ని బస్తా అనీ, ఖాళీదాన్ని సంచి అనీ అంటాం, కానీ మాటల్లో రెండూ కలిసిపోతాయి. “బస్తాల కొరత” అంటే ఖాళీ సంచులు రాలేదనా, కాంటా అయిన బస్తాలు లెక్కకు తగ్గాయనా? మొదటిది సరఫరా విషయం, రెండోది దొంగతనమో తూకం తేడానో. యజమానులే మారిపోతారు. అలాగే ఒక పద్దులో పట్టాలు, ఇంకోదాంట్లో కవర్లు, మరోదాంట్లో టార్పాలిన్లు అని ఉంటే షీట్‌లో వెతికినప్పుడు మూడో వంతే దొరుకుతాయి. పైగా పట్టా అంటే భూమి కాగితం కూడా. రిజిస్టర్ మొదటి పేజీలో పది పదిహేను మాటలు రాసుకొని, వాటినే వాడితే చాలు.

ఇంత కట్టుదిట్టం పెడితే కల్లంలో ఉన్నవాళ్లు రాయడమే మానేస్తారని ఒక అభ్యంతరం ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోలేం. “ఉత్తరం పక్క రాశులు అడుగున వెచ్చగున్నయ్” అని గ్రామ సంఘం లెక్కలు రాసే వీఓఏ ఒక చీటీ మీద రాస్తే, అది ఆఫీసులో కూర్చుని రాసిన చక్కని వాక్యం కంటే విలువైన సమాచారం. అందుకని అచ్చును మొదటి రాతకు పెట్టకూడదు. చీటీ ఎలా ఉన్నా తీసుకోవాలి. వారానికోసారి కొన్ని ఊళ్ల సంఘాలను కలిపి చూసే సీసీ, ఇన్‌ఛార్జి కూర్చుని దాన్ని వాక్యంగా మార్చాలి, రాసినామెకు చదివి వినిపించాలి. ఆమె “నేననేది ఇది కాదు” అంటే ఆ సవరణ అప్పుడే జరిగిపోతుంది.

## లారీల పద్దు దగ్గర ఇదే పరీక్ష

“లారీల సమస్య” అనే పద్దును ఇప్పుడు అదే వాక్యంలో పోసి చూడండి. లారీలు రాకపోవడం ఘటనే అనుకుంటాం. ఎందుకు రావు అని అడిగితే, మిర్యాలగూడ వైపు మిల్లుల దగ్గర దించడానికి వరుసలో నిలబడిపోయాయి కాబట్టి. అవి అక్కడ ఎందుకు నిలబడ్డాయన్నది గ్రామ సంఘం చేతికి అందని లంకె. అందేదేమిటి? కాంటా వేగం. రోజుకు వెళ్లే లోడు కంటే ఎక్కువ కాంటా పెడితే బస్తాలు కేంద్రంలోనే పేరుకుపోతాయి.

“మిల్లులో దిగడం ఆలస్యమై లారీలు రోజుకు ఒకటే వస్తున్నందున, కాంటా అయిన బస్తాలు కేంద్రంలో నిలిచి వానకు తడవవచ్చు, తడిస్తే కాంటా నాటి బరువు, నాణ్యతలకూ మిల్లులో దించేనాటి వాటికీ తేడా వచ్చి రైతు చెల్లింపు ఆగుతుంది.”

తడిసేది ఇక్కడ కూడా వడ్లే. కానీ రాశిగా ఉన్నప్పుడు కాపలా రైతుది, కాంటా అయ్యాక కేంద్రానిది. అందుకే ఇది టార్పాలిన్ల పద్దులో కలవదు. మూసే రోజు కూడా వేరు. రాశుల పద్దు ఆఖరి రాశి కాంటా అయిన రోజున మూసేయొచ్చు. బస్తాల పద్దు మాత్రం ఆఖరి లారీ ట్రక్ షీట్ మీద మిల్లు సంతకమై తిరిగి వచ్చేదాకా తెరిచే ఉండాలి.